ఏడు రోజుల బాయిలర్ షట్‌డౌన్: పన్నెండు గంటల షిఫ్టుల్లో ఎవరిని ఎప్పుడు దించాలి

ప్రశ్న: అన్నా, ముత్తుకూరు దగ్గర మా ప్లాంట్లో వచ్చే నెల ఏడు రోజుల షట్‌డౌన్. గంటకు 75 టన్నుల బొగ్గు బాయిలర్. ఎకనమైజర్లో 20 బెండ్లు మార్చాలి, ఏపీహెచ్‌లో పోయిన ట్యూబులు ప్లగ్ చెయ్యాలి, ఐడీ ఫ్యాన్ ఇంపెల్లర్ పని ఉంది. అయిదుగురు కాంట్రాక్టర్లు, 12 గంటల షిఫ్టులు. మేనేజర్ గారు మొదటి రోజు పొద్దున్నుంచే అందరినీ దించమంటున్నారు. ప్లాన్ నేనే వెయ్యాలి, ఇదే మొదటిసారి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

జవాబు:

తమ్ముడూ, ముందు కాంట్రాక్టర్ల లిస్టు పక్కన పెట్టు. ఒక పెద్ద కాగితం తీసుకుని మీ బాయిలర్ సెకండ్ పాస్‌ని, అంటే పొగ కిందికి దిగే వెనక భాగాన్ని, నిలువుగా గీయి. పైన నీళ్లు వేడెక్కే ఎకనమైజర్, దాని కింద గాలి వేడెక్కే ఏపీహెచ్, ఆ కింద బూడిద హాపర్, పక్కకు పోతే డక్టు, చివర పొగను లాగే ఐడీ ఫ్యాన్. ఇవి అడ్డ వరసలు. వాటి ఎదురుగా 14 గళ్లు, ఏడు పగళ్లు, ఏడు రాత్రుళ్లు. ఒక్కో గడిలో ఒక్క గ్యాంగు పేరే రాయాలి. ఒకే నిలువులో, ఒకే షిఫ్టులో పైన ఒకరు కింద ఒకరు పడ్డారా, అక్కడ ఎర్ర పెన్నుతో చుట్టు. పైన గ్యాస్ కటింగ్ చేస్తుంటే కింద ఏపీహెచ్‌లో మనిషి ఉండకూడదు, అది నీకూ తెలుసు. కానీ కాంట్రాక్టర్ వారీగా చార్టు వేస్తే అది కనపడదు. ఒకరి చార్టులో కటింగ్ ఉంటుంది, ఇంకొకరి చార్టులో ప్లగ్గింగ్ ఉంటుంది, రెండూ విడివిడిగా చూస్తే బ్రహ్మాండంగా ఉంటాయి, సైట్లో రెండూ కలిసినప్పుడు మాత్రం ఎవరో ఒకరు దిగిపోవాల్సి వస్తుంది.

ఇక మొదటి రోజు సంగతి. రాత్రి పదింటికి బాయిలర్ ఆపారనుకో, పొద్దున ఆరింటికి లోపలికి ఎవరూ పోలేరు. ఫ్యాన్లు తిప్పి చల్లబరిచినా లోపలి ఇటుక వేడి వదలదు, మనిషి నిలబడి పని చేసే స్థితికి రావడానికి ఇలాంటి బాయిలర్‌కి ఒక రోజు పైనే పట్టడం నేను చూశాను. ఎండాకాలం అయితే ఇంకాస్త. మన వైపు మే నెలలో మధ్యాహ్నం లోపలికి లాగే గాలే 40 డిగ్రీలు దాటి ఉంటుంది, దానితో ఎంతని చల్లబడుతుంది? అందుకే మొదటి పగలు వంద మందిని దించితే వాళ్లు షెడ్డు కింద కూర్చుని కూలీ రాయించుకుంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. ఆ పగటికి కావలసింది ఐసొలేషన్లు వేసే గ్యాంగు, ఎలక్ట్రికల్ వాళ్లు, స్కాఫోల్డింగ్ పైపులు, పలకలు పై ఫ్లోర్లకు చేర్చే ఖలాసీలు, అంతే.

ఇక్కడ కొత్తవాళ్లు తప్పకుండా పడే గుంట ఒకటుంది. ఐడీ ఫ్యాన్ బయట ఉంటుంది కాబట్టి దాని పని మొదటి గంట నుంచే మొదలుపెట్టొచ్చు అనుకుంటారు. కానీ బాయిలర్‌ని చల్లబరిచేది ఆ ఫ్యానే కదా! ఫ్యాన్ గ్యాంగుకి దాన్ని ముందే అప్పగించావంటే చల్లబడటం ఆగిపోతుంది, మిగతా పనులన్నీ అంత మేర వెనక్కి జరుగుతాయి. కాబట్టి ఫ్యాన్ గ్యాంగుని రెండో రోజు మధ్యాహ్నం నుంచి రాసుకో. ఫ్యాన్ విప్పిన మరుక్షణం లోపల గాలి లాగేది ఏదీ ఉండదు, కాబట్టి అప్పటికే మ్యాన్‌హోల్ దగ్గర రెండు ఎగ్జాస్ట్ బ్లోయర్లు గుడ్డ డక్టుతో సహా తిరుగుతూ ఉండాలి. బ్లోయర్లు వచ్చాకే ఫ్యాన్ పర్మిట్ మీద సంతకం పెట్టమని ఆపరేషన్ వాళ్లకు చెప్పు.

మొదటి రాత్రి షిఫ్టు బూడిద వాళ్లది. హాపర్లో పైకి చల్లగా కనిపించే బూడిద లోపల నిప్పుగానే ఉంటుంది. తొందరలో నీళ్లు కొడితే ఒక్కసారిగా ఆవిరై మీదికి ఎగజిమ్ముతుంది. పొడవాటి చువ్వతో బయట నుంచే కదిలించి, పొడిగానే తీయాలి. ఈ పనిని తొందరపెట్టకు, రాత్రంతా ఇవ్వు.

రెండో పగలు స్కాఫోల్డింగ్. లోపల ఎకనమైజర్ కింద నిలబడటానికి ఒక డెక్, పలకలు సందు లేకుండా. ఆ డెక్ మీద ఫైర్ బ్లాంకెట్ పరిస్తే అదే కింద ఏపీహెచ్‌కి కప్పు అవుతుంది. సాయంత్రానికి చెక్ చేసి ట్యాగ్ కట్టించు. రెండో రాత్రి పైన ట్యూబుల మందం కొలవడం, కట్ చేసే చోట మార్కింగ్, అంతే, నిప్పు పని లేదు. కాబట్టి అదే రాత్రి కింద ఏపీహెచ్ ప్లగ్గింగ్ గ్యాంగుని దించు, మధ్యలో డెక్ ఉంది, పైన వాళ్ల చేతిలో పనిముట్లు తాడుతో కట్టి ఉంటాయి. నిలువులో ఇద్దరు కలవగలిగే షిఫ్టు మొత్తం షట్‌డౌన్‌లో ఇదొక్కటే. ఏపీహెచ్ పని మిగిలిపోతే అయిదో రాత్రికి జరుపుకోవచ్చు, మూడో పగలు నుంచి అయిదో పగలు వరకు మాత్రం కింద ఎవరూ ఉండకూడదు.

ఇప్పుడు అసలు విషయం, వెల్డింగ్. 20 బెండ్లంటే 40 జాయింట్లు. నువ్వు ముందు అడగాల్సింది ఎంతమంది వెల్డర్లు దొరుకుతారని కాదు, లోపల ఎంతమంది పడతారని. అలాంటి ఎకనమైజర్లో నికరంగా ఇద్దరు వెల్డర్లు ఒకేసారి కూర్చోగలరు, మూడోవాడు వస్తే ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతుంది. కానీ ఆ వేడిలో ఒక్కడే 12 గంటలు కూర్చోలేడు. కాబట్టి రెండు చోట్లకు నలుగురు వెల్డర్లు, ఒకరు లోపల ఉంటే జోడీ బయట నీడలో. 12 గంటల షిఫ్టులో హ్యాండోవర్, పర్మిట్, గ్యాస్ టెస్ట్, టిఫిన్, భోజనం, ఎక్కడం దిగడం అన్నీ పోగా చేతికి వచ్చేది ఎనిమిది, ఎనిమిదిన్నర గంటలే. ఫిటప్‌తో కలిపి జాయింటుకి గంటన్నర లెక్కన ఒక్కో చోట అయిదు, రెండు చోట్లా కలిపి షిఫ్టుకి 10 జాయింట్లు. కాంట్రాక్టర్ నీతో షిఫ్టుకి 20 చేస్తానంటాడు. ఎంతమంది లోపల కూర్చుని చేస్తారో నీ బొమ్మ మీద చూపించమను, అప్పుడు మాట మారుతుంది.

ఈ 10 అనే అంకె దగ్గరే, జాయింటు లోపలి తప్పును ఫిల్మ్ మీద పట్టుకునే రేడియోగ్రఫీ వచ్చి కూర్చుంటుంది. ఎక్స్‌రే అని మనం అంటాం గానీ అక్కడ వాడేది ఎక్కువగా రేడియేషన్ వదిలే ఇరిడియం సోర్సు. సోర్సు బయటికి తీసినంతసేపూ చుట్టూ గీసిన హద్దు గీత లోపల మనిషి ఉండకూడదు, అంటే సెకండ్ పాస్ మొత్తం ఖాళీ. ఒక్కో జాయింటుకి రెండు షాట్లు, ఫిల్మ్ కట్టడం, వెనక్కి రావడం, షాట్, మళ్లీ తిప్పడం, అన్నీ కలిపి 12 నిమిషాలు వేసుకో. 10 జాయింట్లకి రెండు గంటలు. ఆ రెండు గంటలు ఎక్కడి నుంచి తెస్తావు? షిఫ్టు మధ్యలో తెస్తే 10 మంది పనివాళ్లు ఆగాలి. షిఫ్టు మారేటప్పుడు ఎటూ లోపల ఎవరూ ఉండరు కదా, ఆ రెండు గంటలు అక్కడే ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి పగటి వెల్డర్లు దిగుతారు, ఆరు నుంచి ఎనిమిది వరకు రేడియోగ్రఫీ, ఆ లోపు రాత్రి గ్యాంగుకి హాజరు, పని వివరణ, పర్మిట్ రెన్యువల్, భోజనం కూడా అయిపోతాయి. నేను పైన చెప్పిన ఎనిమిది, ఎనిమిదిన్నర గంటలు ఈ రెండు గంటలూ పోగా మిగిలినవే. పొద్దున కూడా ఇదే పద్ధతి, ఆరు నుంచి ఎనిమిది.

దీనివల్ల ఇంకో సుఖం ఉంది. పగలు వేసిన జాయింటు సాయంత్రం ఆరింటికి షూట్ అవుతుంది, ఫిల్మ్ కడిగి ఆరబెట్టి చదివేసరికి రాత్రి పదిన్నర. అప్పుడు ఏ జాయింటు రిపేరో రాత్రి మేస్త్రి చేతికి లిస్టు వస్తుంది, వాడు తెల్లారేలోపు రిపేర్ చేస్తే పొద్దున ఆరింటికి మళ్లీ షూట్. తప్పు 12 గంటల్లో బయటపడి ఇంకో 12 గంటల్లో సరి అవుతుంది, ఒకే వెల్డర్ వరసగా తప్పులు చేస్తుంటే అయిదు జాయింట్లు దాటకముందే దొరుకుతాడు. మొత్తం 40 జాయింట్లూ చివర ఒకేసారి షూట్ చేద్దాం అనే కాంట్రాక్టర్లు ఉంటారు, ఒప్పుకోకు.

నేను ఇది దెబ్బ తిని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక ప్లాంట్లో, ఇంచుమించు ఇదే పని, నేనే ప్లాన్ వేశాను. అందరికీ ఆరింటికే షిఫ్టు మార్పు పెట్టాను, రేడియోగ్రఫీ వాళ్లు రాత్రి 11కి వస్తామంటే సరేనన్నాను. మొదటి రాత్రి 11కి అందరినీ దింపేశాం. వాళ్లు ఒంటి గంట దాకా చేశారు. ఆ తర్వాత వెల్డర్లు మళ్లీ ఎక్కాలంటే హాట్ వర్క్ పర్మిట్ ఆగిపోయింది, దాన్ని మళ్లీ తెరవాలి, గ్యాస్ టెస్ట్ మనిషి వేరే ఫ్లోర్లో ఉన్నాడు, చివరికి మూడింటికి మొదటి ఆర్క్ కొట్టారు. మూడింటికి నిద్ర ముంచుకొచ్చే వేళ. ఆ రాత్రి నాలుగు జాయింట్లు, అందులో రెండు రిపేర్. మూడు రాత్రులు ఇలాగే పోయాక షట్‌డౌన్ 30 గంటలు ఎక్కువైంది. నన్ను అడిగితే వెల్డర్లు నెమ్మది అని చెప్పాను. అది నిజం కాదు, గడియారం పెట్టింది నేను.

పర్మిట్ కౌంటర్ సంగతి కూడా అదే షట్‌డౌన్లో తెలిసింది. ఆరింటికి అయిదు గ్యాంగుల సూపర్‌వైజర్లూ ఒకే కిటికీ దగ్గర నిలబడితే చివరివాడికి కాగితం అందేసరికి ఎనిమిదిన్నర. అందుకని గ్యాంగులకు షిఫ్టు వేళలు జరుపు. స్కాఫోల్డింగ్ వాళ్లు అయిదింటికి, వెల్డింగ్ వాళ్లు ఆరింటికి, ఫ్యాన్ వాళ్లు ఏడింటికి, ఎలక్ట్రికల్ ఎనిమిదింటికి. స్కాఫోల్డింగ్ గంట ముందు రావడంలో ఇంకో లాభం ఉంది, ఆ రోజు వెల్డర్‌కి కావలసిన పలక ముందుకో వెనక్కో జరపడం ఆరులోపే అయిపోతుంది. రేడియోగ్రఫీ జరిగే రెండు గంటల్లో ఫ్యాన్ వాళ్లు పని చేసుకోవచ్చా అని నీకు అనుమానం రావచ్చు. అది దూరం చూసి ఊహించి చెప్పే విషయం కాదు, రేడియేషన్ సేఫ్టీ చూసే మనిషి మీటరుతో కొలిచి గీసిన గీతకు అవతల ఫ్యాన్ ఉంటేనే చేసుకోవచ్చు, లేకపోతే వాళ్ల భోజనం కూడా అప్పుడే.

హ్యాండోవర్ మాటల్తో జరిగితే నమ్మకు. మన వైపు సైట్లలో పగటి మేస్త్రి మనూరివాడైతే రాత్రి మేస్త్రి బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి ఉంటాడు, ఇద్దరూ తలూపుతారు, ఏం అర్థమైందో ఎవరికీ తెలీదు. నేను పెయింట్ మార్కర్లు వాడతాను. వెల్డింగ్ అయిన జాయింటు పక్కన తెల్ల గీత, షూట్ అయితే పసుపు గీత, పాసైతే ఆకుపచ్చ, రిపేర్ అయితే ఎరుపు, పక్కన వెల్డర్ నంబరు. రిపేర్ అయినచోట ఎరుపు చెరపకుండా దాని పక్కనే మళ్లీ తెలుపు నుంచి మొదలవ్వాలి. టార్చి పట్టుకుని తల లోపలికి పెట్టి చూస్తే అర నిమిషంలో ఎక్కడున్నామో తెలుస్తుంది. కాగితం మీద 22 అని ఉండి లోపల ఆకుపచ్చవి 19 ఉంటే, 19 నిజం.

హ్యాండోవర్‌లో ప్రాణం మీదికి వచ్చేది ఇంకొకటుంది, వెల్డింగ్‌కి వాడే ఆర్గాన్ గ్యాస్. వెల్డర్ టార్చి కింద పడేసి దిగిపోతాడు, సిలిండర్ వాల్వు తెరిచే ఉంటుంది. ఆర్గాన్ గాలికన్నా బరువు, వాసన లేదు, రెండు గంటలు ఊరికే కారితే కింద గుంటల్లో, హాపర్లో చేరి అక్కడి ఆక్సిజన్‌ని తోసేస్తుంది. అందుకని వెల్డర్లు దిగినప్పుడు సిలిండర్లు బయటే మూసేయాలి, టార్చి, గొట్టం బయటికి లాగేయాలి, రాత్రి గ్యాంగు ఎక్కే ముందు ఆక్సిజన్ మళ్లీ కొలవాలి, పైన ఒకచోట కాదు, కింద కూడా. 19.5 శాతం లోపు చూపిస్తే ఎవరూ లోపలికి పోకూడదు. సాయంత్రం కొలిచిన కాగితం రాత్రికి పనికిరాదు. లోపలి లైట్లు 24 వోల్టులవే, అది కూడా అప్పుడే చూసుకో.

మనుషుల గురించి రెండు మాటలు. రాత్రి వాళ్లను రాత్రికే, పగటి వాళ్లను పగటికే ఉంచు, ఏడు రోజులకోసం మధ్యలో మార్చకు. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య బరువు ఎత్తే పని పెట్టకు. ఐడీ ఫ్యాన్ ఇంపెల్లర్ క్రేన్‌తో ఎత్తడం పగటికే రాయి. కాంట్రాక్టర్లు "డబుల్ కొట్టించడం" అని ఒకటి చేస్తారు, పగలు పనిచేసిన మనిషే పేరు మార్చి రాత్రికీ వస్తాడు. గేటు రికార్డులో సాయంత్రం బయటికి వెళ్లినట్టు లేని పాసులు వెతుకు, దొరుకుతాయి. రిపేర్లు హఠాత్తుగా పెరిగిన రాత్రి కూడా ముందు అదే చూడు. దొరికిన మనిషిని తిట్టి పంపించకు, ఇంట్లో అవసరం ఉండే వచ్చి ఉంటాడు, కాంట్రాక్టర్‌ని పట్టుకో. సాధారణ గంటలు దాటిన పనికి రెట్టింపు కూలీ ఇవ్వాలని చట్టంలోనే ఉంది, అది మనిషి చేతికి అందుతుందో లేదో అడుగు. గూడూరు నుంచో నెల్లూరు అవతల నుంచో రోజూ బస్సులో వచ్చేవాళ్లకు 12 గంటల పనికి తోడు ప్రయాణం మూడు గంటలు. వెల్డర్లకు, రిగ్గర్లకు మాత్రం ఏడు రోజులూ ముత్తుకూరులోనే గదులు చూడమను. రాత్రి గ్యాంగు పడుకునే గదికి పగలు కిటికీ కప్పుకునేలా ఉందో లేదో నువ్వే వెళ్లి చూడు.

ఇప్పుడు లెక్క చివరిదాకా నడిపిద్దాం. మూడో పగలు కటింగ్ మధ్యాహ్నానికి ముగిస్తే సాయంత్రానికి అయిదు జాయింట్లు. మూడో రాత్రి, నాలుగో పగలు, నాలుగో రాత్రి పదేసి, మొత్తం 35. అయిదో పగలు మిగతా అయిదు, దానితోపాటు వెనకబడిన రిపేర్లు. ఆ సాయంత్రం చివరి షూట్, రాత్రి పదిన్నరకు ఫలితం. అయిదో రాత్రి రెండో సగం ఖాళీగా కనిపిస్తుంది, మేనేజర్ గారు అందులో ఏదో ఒకటి దూర్చమంటారు. దూర్చకు, అది రిపేర్లకు ఉంచుకున్న గది, నీ దగ్గరున్న వెసులుబాటు అంతా అదే. అవసరం పడకపోతే ఏపీహెచ్‌లో మిగిలిన పని అప్పుడు చేయించుకో, పైన వెల్డింగ్ లేదని తేలాకే.

ఆరో పగలు నీళ్లు నింపి హైడ్రో టెస్ట్. ఒత్తిడి ఎక్కుతున్నంతసేపు లోపల ఎవరూ ఉండరు, నిర్ణయించిన ఒత్తిడి దగ్గర నిలబెట్టాక దాన్ని తగ్గించి, అప్పుడు చూసేవాళ్లే లోపలికి పోతారు. హైడ్రో పాసయ్యేవరకూ స్కాఫోల్డింగ్ ఒక్క పైపు కూడా విప్పనివ్వకు. ఎక్కడో చెమ్మ కనిపిస్తే మళ్లీ ఎక్కడానికి అదే కావాలి. ప్లాన్లలో అందరూ మర్చిపోయేది స్కాఫోల్డింగ్ విప్పడానికి కూడా ఒక షిఫ్టు కావాలని. హైడ్రోని ఏడో పగలు పెట్టినవాడు ఆ రాత్రి లైటప్ చెయ్యలేడు. ఆరో రాత్రి విప్పడం, పైపులన్నీ బయటికి. ఏడో పగలు లోపల శుభ్రం చేసి, అందరూ బయటికి వచ్చాక ఐడీ ఫ్యాన్ ట్రయల్. ట్రయల్ అంటే సెకండ్ పాస్‌లో గాలి లాగుతుంది, కాబట్టి అప్పటికి లోపలి పర్మిట్లన్నీ మూసి ఉండాలి, అదే సమయానికి ఎవరో "ఒక్క పది నిమిషాలు" అని లోపలికి పోతారు, చూసుకో.

మ్యాన్‌హోల్ మూసే ముందు కాపలా మనిషి దగ్గర, లోపలికి వెళ్లినవాళ్ల ట్యాగులు తగిలించే బోర్డు ఖాళీగా ఉందో లేదో నీ కళ్లతో చూడు. లోపలికి వెళ్లిన గ్రైండర్లు, టార్చీలు, ఫైర్ బ్లాంకెట్లు ఎన్నో అన్నీ తిరిగి వచ్చాయా లెక్కపెట్టించు. బ్లాంకెట్ ఒకటి తక్కువైతే అది ఏపీహెచ్ పైనే పడి ఉంటుంది, మూయకముందే తీయించు. నీ బొమ్మ గీసి, ఎర్ర చుట్లు ఎన్ని వచ్చాయో ఇక్కడ పెట్టు, కలిసి చూద్దాం.